రాత్రి డ్యూటీ మనిషికి పగటి పట్టిక ఎందుకు?

మా బర్కత్‌పుర, నారాయణగూడ ప్రాంతాలలో ఏ క్లినిక్‌కు వెళ్ళినా వైద్యుని బల్లమీద ఒకే ఆహార పట్టిక కనిపిస్తుంది. ఉదయం ఎనిమిదికి టిఫిన్, పదకొండుకు పండు, ఒంటిగంటకు భోజనం, నాలుగున్నరకు చాయ్, రాత్రి ఎనిమిదిలోగా రెండు పుల్కాలు. కింద ఎర్రసిరాతో ‘ఎనిమిది దాటిన తరువాత ఏమీ తినరాదు’ అని అచ్చువేసి ఉంటుంది. పట్టికలో తప్పేమీ లేదు. నాబోటి పింఛనుదారునికి అది చక్కగా సరిపోతుంది. ఆ ఎనిమిది గంటలకే ఉద్యోగానికి బయలుదేరే మనిషి చేతిలో కూడా అదే కాగితం పెట్టడం మీదనే నా అభ్యంతరం.

అటువంటివారు మన చుట్టూ తక్కువమంది లేరు. ఆసుపత్రులలో నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, అపార్టుమెంట్ల వాచ్‌మన్లు, హైటెక్ సిటీకి క్యాబ్ కోసం చమన్ దగ్గర నిలబడే యువతీయువకులు, పత్రికల ముద్రణాలయాలలో పనిచేసేవారు. వీరిలో ఎవరైనా షుగర్ హద్దు దగ్గరకు వచ్చిందని వైద్యుని దగ్గరకు వెళితే దొరికేది ఆ కాగితమే. వారి పనిదినం మొదలయ్యే సమయానికి ఆ కాగితం ప్రకారం తిండి ముగిసిపోవాలి. ఇది పాటించదగిన సలహా కాదని ఇచ్చినవారికీ తెలుసు, పుచ్చుకున్నవారికీ తెలుసు. అందుకే అది ఇంటికి వెళ్ళి ఫ్రిజ్ తలుపుకు అంటుకుని ఉండిపోతుంది.

కాస్త ఆలోచించే వైద్యులు మరొక మాట చెబుతారు. ‘పట్టికను తలకిందులు చేయండి. రాత్రి ఎనిమిదిని ఉదయం ఎనిమిది అనుకోండి. రాత్రి ఒంటిగంటకు మధ్యాహ్న భోజనం చేయండి. శరీరం అదే అలవాటు పడుతుంది’ అంటారు. వినడానికి తర్కబద్ధంగా ఉంటుంది. నా దృష్టిలో ఇది మొదటిదానికన్నా ప్రమాదకరమైన సలహా. మొదటిదానిని ఎవరూ పాటించరు, దీనిని పాటిస్తారు.

శరీరం అలా అలవాటు పడదు. మెదడులోని ప్రధాన గడియారాన్ని నడిపేది వెలుతురు. రాత్రంతా వార్డులో పనిచేసిన మనిషి ఉదయం ఎండలో ఇంటికి వస్తుంది. సెలవు రోజున పిల్లలతోపాటు రాత్రే నిద్రపోతుంది. కనుక ఏళ్ళ తరబడి రాత్రి డ్యూటీ చేసినవారిలో కూడా అధిక సంఖ్యాకులకు ఆ గడియారం పూర్తిగా తిరగబడదు. రాత్రి ఒంటిగంటకు మనిషి మేలుకొని పరుగులు తీస్తున్నా, క్లోమగ్రంథికి అది నడిరాత్రే. అప్పుడు రక్తంలో మెలటోనిన్ హెచ్చుగా ఉంటుంది, ఇన్సులిన్ విడుదల మందగిస్తుంది. పగలు తిన్న అన్నమే అర్ధరాత్రి తింటే రక్తంలో చక్కెర మరింత పైకి పోయి, మరింత ఆలస్యంగా దిగుతుంది.

దీనిని నేరుగా పరీక్షించినవారు ఉన్నారు. అమెరికాలో బోస్టన్‌కు చెందిన ఫ్రాంక్ షీర్ బృందం 2021 డిసెంబరులో ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. ఆరోగ్యవంతులైన 19 మందిని ప్రయోగశాలలో ఉంచి, రాత్రి డ్యూటీ చేస్తున్నట్లుగా వారి నిద్ర, మెలకువలను తలకిందులు చేశారు. కొందరికి రాత్రీ పగలూ భోజనం పెట్టారు, సాధారణంగా రాత్రి ఉద్యోగులు తినేది అలాగే. మిగిలినవారికి భోజనాలన్నీ పగటి వేళలలోనే పెట్టారు. మొదటి బృందంలో రక్తంలోని చక్కెర సగటున 6.4 శాతం పెరిగింది. రెండవ బృందంలో చెప్పుకోదగిన పెరుగుదల లేదు. ఇద్దరికీ నిద్ర ఒకేలా చెదిరింది, తేడా అంతా భోజనవేళలలోనే ఉంది. చిన్న అధ్యయనమే, కొద్దిరోజులదే. అయినా పట్టికను తలకిందులు చేయమనేవారు దీనికి జవాబు చెప్పవలసి ఉంటుంది.

ఇక మన ఊరి సంగతికి వస్తాను. నాకు తెలిసిన ఒక స్టాఫ్ నర్సు ఉంది. వయస్సు 38, బరువు 60 కిలోలు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నెలకు పదిహేను రాత్రులు, రాత్రి ఎనిమిది నుండి ఉదయం ఎనిమిది వరకు డ్యూటీ. ఒకనాడు డ్యూటీ దిగి వస్తూ దారిలో పరగడుపు షుగర్ పరీక్ష చేయించుకున్నది. 128 వచ్చింది. 126 దాటితే మధుమేహం అన్న లెక్కన ఒక క్లినిక్‌లో గ్లిమెపిరైడ్ మాత్ర రాసి, ‘ఉదయం టిఫిన్‌కు ముందు’ అన్నారు. ఆమె బుద్ధిగా పావు తక్కువ తొమ్మిదికి మాత్ర వేసుకుని, నాలుగు ఇడ్లీలు తిని, తొమ్మిదిన్నరకు నిద్రపోయేది. వారంలోపలే రెండుసార్లు మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో చెమటలు పట్టి, గుండె దడదడలాడి, చేతులు వణుకుతూ మేలుకున్నది. రెండవసారి గ్లూకోమీటరులో 58 చూపించింది. క్లోమాన్ని గంటల తరబడి ఇన్సులిన్ విడుదల చేయించే మాత్ర వేసుకుని, కొద్దిగా తిని, తలుపు వేసుకుని నిద్రపోయే మనిషికి జరగవలసిందే జరిగింది. ఇంట్లో ఎవరూ లేని సమయంలో అది ఇంకా కిందికి పోయి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు.

నేను అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే. ‘అమ్మా, ఆ పరీక్షకు ముందు చివరిసారి ఏమి తిన్నావు, ఎప్పుడు?’ ‘పొద్దున ఏమీ తినలేదు సార్, పరగడుపే. నాలుగింటికి చాయ్, పఫ్ తిన్నానంతే’ అన్నది. పరగడుపు అంటే ఎనిమిది గంటలపాటు ఏమీ తినకుండా ఉండడమని మన పుస్తకాలలో ఉన్నది. జనుల మాటలో మాత్రం ఉదయం టిఫిన్ తినకపోవడమే పరగడుపు. ల్యాబ్‌లో కూడా ‘టిఫిన్ చేశారా’ అనే అడిగారు, ‘లేదు’ అని ఆమె నిజమే చెప్పింది. చక్కెర వేసిన చాయ్, మైదా పఫ్ కడుపులో పడిన నాలుగు గంటల తరువాత, నిద్రలేని రాత్రి చివర తీసిన రక్తం అది. రెండు రాత్రులు సెలవులో ఇంటిదగ్గర నిద్రపోయిన తరువాత మళ్ళీ చేయిస్తే 108 వచ్చింది. మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ 6.1. అంటే మధుమేహం కాదు, దాని ముందరి మెట్టు. ఆమె వైద్యునితో మాట్లాడి ఆ మాత్రను మాన్పించాము. మిగిలింది తిండి సంగతి.

ఆమె చేత మూడు రోజులు తిన్నదంతా వేళతో సహా రాయించాను. డ్యూటీ దిగి వచ్చాక నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ, చాయ్. మధ్యాహ్నం మూడింటికి లేచి కొంచెం అన్నం, పలుచటి పప్పు, మజ్జిగ. సాయంత్రం ఏడింటికి పిల్లల చదువు, బస్సు తొందర, కనుక చాయ్, మూడు బిస్కట్లు. రాత్రి ఒంటిగంటకు డబ్బా నిండా అన్నం, ఆలుగడ్డ వేపుడు, కాస్త పెరుగు. నాలుగింటికి మళ్ళీ చాయ్, పఫ్.

లెక్క వేస్తే రోజుకు సుమారు 1,900 కిలోకేలరీలు, 46 గ్రాముల మాంసకృత్తులు వచ్చాయి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణం ప్రకారం శరీరపు బరువులో కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరం. అరవై కిలోలకు 50 గ్రాములు. ఆమె మొత్తాలు చూస్తే ఘోరమేమీ కాదు. మొత్తాలు మాత్రమే చూసే ఆహార నిపుణులు ‘కాస్త పప్పు పెంచమ్మా’ అని పంపివేసి ఉండేవారు. కాని వేళలు చూడండి. 1,900లో దాదాపు సగం, 960 కిలోకేలరీలు, రాత్రి ఒంటిగంటకూ నాలుగింటికీ మధ్య లోపలికి పోతున్నవి. క్లోమం అత్యంత మందకొడిగా ఉన్న వేళ అది. మాంసకృత్తులలో సింహభాగం అన్నం నుండి, ఇడ్లీ నుండి చిందరవందరగా వచ్చినదే. ఏ ఒక్క పూటలోనూ 15 గ్రాములు దాటలేదు. సాయంత్రం ఏడింటికి, అంటే పన్నెండు గంటల పనికి ముందు, 3 గ్రాములు.

ఆ సాయంత్రపు చాయ్ బిస్కట్టే ఈ దుస్థితికి మూలమని నేను భావిస్తాను. దాదాపు ఖాళీ కడుపుతో డ్యూటీ ఎక్కిన మనిషికి ఒంటిగంటకు డబ్బా ఖాళీ చేయక తప్పదు. ఆ అన్నం తిన్న గంటకు కళ్ళు మూతలు పడతాయి. దానిని తరిమికొట్టడానికి నాలుగింటికి చాయ్, పఫ్. దానివల్ల ఉదయం ఆకలి సరిగా వేయదు, అయినా అలవాటుకొద్దీ ఇడ్లీ తిని పడుకుంటే ఛాతీలో మంట. గొలుసులో ఒక లంకెను మార్చాలంటే ఏడింటి లంకెనే మార్చాలి.

మేము చేసినది ఇంతే. రెండు పెద్ద భోజనాలను నిద్ర లేచిన తరువాతి మూడింటికి, డ్యూటీకి ముందరి ఆరున్నర, ఏడింటికి స్థిరపరిచాము. ఈ రెండు వేళలకు ఒక గుణం ఉంది. సెలవు రోజున కూడా వాటిని పెద్దగా కదపనక్కరలేదు. సెలవునాడు మధ్యాహ్న భోజనం రెండింటికి, రాత్రి భోజనం ఏడింటికి చేస్తే సరిపోతుంది. రాత్రి డ్యూటీ ఉన్నా లేకపోయినా కాలేయానికి, జీర్ణకోశానికి ప్రధాన భోజనం అదే వేళకు అందుతుంది. నిద్ర ఎలాగూ వారానికి రెండుసార్లు తలకిందులవుతున్నది, దానితోపాటు భోజనాన్ని కూడా తలకిందులు చేయవలసిన అగత్యం ఏమున్నది?

మూడింటి భోజనంలో రెండు జొన్నరొట్టెలు, బొబ్బర్లు గాని పెసరపప్పు గాని వేసిన కూర, ఒక పండు, మజ్జిగ. సుమారు 600 కిలోకేలరీలు, 18 గ్రాముల మాంసకృత్తులు. ఏడింటి భోజనంలో 75 గ్రాముల బియ్యంతో వండిన అన్నం, 30 గ్రాముల కందిపప్పుతో చేసిన చిక్కటి పప్పు, ఒక కూరగాయ, ఒక గుడ్డు, చిన్న గిన్నెడు పెరుగు. సుమారు 650 కిలోకేలరీలు, 22 గ్రాములు. గుడ్డు తిననివారు పప్పును మరో 25 గ్రాములు పెంచుకోవచ్చు, లేదా అంతే బరువు మీల్‌మేకర్ కూరలో వేసుకోవచ్చు. నిజానికి చక్కెరను సంభాళించే శక్తి ఉదయంతో పోలిస్తే సాయంత్రం ఏడింటికి కొంత తక్కువే. అయినా అర్ధరాత్రి కన్నా మేలు. పైగా ఆమె తిన్న వెంటనే కూర్చోదు, బస్‌స్టాపుకు నడుస్తుంది, తరువాత రెండు గంటలు వార్డులో నిలబడే ఉంటుంది. కండరాలు కదులుతుంటే చక్కెర వాటిలోకి సులువుగా పోతుంది.

రాత్రి పన్నెండుకు ఒక చిన్న డబ్బా. ఉడికించిన గుడ్డు, గుప్పెడు శనగ గుగ్గిళ్ళు, కీరదోస ముక్కలు, వీలైతే పలుచటి మజ్జిగ. మొత్తం 200 కిలోకేలరీలు, 12 గ్రాములు. అసలేమీ తినకుండా ఉంటే ఇంకా మంచిది కదా అని కొందరంటారు. పడకమీద పడుకున్నవారికి అది నిజం. పన్నెండు గంటలు మందుల లెక్కలు చూసే మనిషి ఆకలితో కళ్ళు తిరిగే స్థితిలో ఉండరాదు. దక్షిణ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో దీనినే పోల్చి చూశారు. రాత్రి పన్నెండున్నరకు రోజు మొత్తంలో 30 శాతం కేలరీల భోజనం, 10 శాతం కేలరీల చిరుతిండి, ఏమీ తినకపోవడం అని మూడు బృందాలు చేశారు. భోజనం చేసినవారిలో చురుకుదనం తగ్గింది. చిరుతిండి ఆకలిని తీర్చింది, భోజనపు మత్తును తేలేదు. మన 200 కిలోకేలరీలు ఆ పది శాతానికి దగ్గరగానే ఉన్నాయి.

ఉదయం ఇంటికి వచ్చాక ఒక పెసరట్టు, నూనె తక్కువగా, ఒక గ్లాసు పాలు. సుమారు 300 కిలోకేలరీలు, 14 గ్రాములు. ఈ పూట ఉద్దేశం ఆకలితో పన్నెండింటికి నిద్ర చెడకుండా చూడడం మాత్రమే. ‘ఉదయం రాజులా తినాలి’ అన్న సూక్తిని ఈ పూటకు తగిలించవద్దు. ఆ రాజుగారు రాత్రంతా నిద్రపోయి లేచినవాడు. పూరీ, వడ, మసాలా దోశె తిని అరగంటలో పడుకుంటే ఆమ్లం గొంతులోకి ఎగదన్నుతుంది. దానికి మరొక మాత్ర మొదలవుతుంది.

మొత్తం కలిపితే 1,750 కిలోకేలరీలు, 66 గ్రాముల మాంసకృత్తులు, అంటే కిలోకు 1.1 గ్రాములు. అన్నమే ప్రధానమైన మన భోజనంలో కిలోకు ఒక గ్రాము దగ్గర ఉండడం నా అభిప్రాయంలో క్షేమం. మాంసకృత్తులను ఇలా పూటపూటకు ఎందుకు పంచాలి, ఆదివారం ఒక్కసారి కిలో చికెన్ తింటే చాలదా అని అడిగేవారున్నారు. చాలదు. కొవ్వును దాచుకున్నట్లు శరీరం మాంసకృత్తులను కొట్లో వేసుకోలేదు.   2014లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో రోజుకు అదే 90 గ్రాములను మూడు పూటలకు సమంగా పంచితే, రాత్రిపూటకే ఎక్కువ భాగం పెట్టిన దానికన్నా కండర నిర్మాణం 25 శాతం అధికంగా జరిగింది. అందులో పాల్గొన్నవారు ఎనిమిది మందే కనుక ఆ అంకెను పట్టుకుని ఊరేగనక్కరలేదు. అయితే పప్పు, గుడ్డు ప్రతి పూటలో ఉంటే ఆకలి నిలకడగా ఉంటుందనీ, అన్నం దానంతట అదే తగ్గుతుందనీ ఆమె పదిరోజులలోనే స్వయంగా గమనించింది. ఈ లెక్క చూపించి ప్రోటీన్ పొడి డబ్బాలు అమ్మేవారి దగ్గరకు పరుగెత్తకండి. ఒక చెంచా పొడిలో ఉండేది నాలుగు గుడ్లలో ఉంటుంది.

ఇదంతా వేళకు జరిగే రోజుల సంగతి. నర్సు జీవితంలో వేళలు జారిపోవడమే మామూలు. అందుకని ఆమెకు రెండు నియమాలు చెప్పాను. మొదటిది, జారిపోయిన పూటను తరువాతి పూటలో కలపవద్దు. పన్నెండింటికి ఎమర్జెన్సీ వచ్చి డబ్బా తెరవలేకపోతే రెండింటికి తినవచ్చు. మూడు దాటితే గుడ్డు ఒక్కటి తిని మిగతాది వదిలివేయాలి, దానికి బదులు నాలుగింటికి క్యాంటీన్‌లో ఫుల్ ప్లేట్ ఫ్రైడ్‌రైస్ తినరాదు. రెండవది, ఏడింటి భోజనం తప్పిపోతే, దానిని డబ్బాలో తీసుకుపోయి పదిలోపల సగం తినాలి. పదిన్నర దాటితే ఆ అన్నం పక్కన పెట్టి పప్పు, గుడ్డు, పెరుగు మాత్రం తినాలి. అంటే రాత్రి ముదిరేకొద్దీ ముందు తగ్గవలసినది అన్నం, చక్కెర, మైదా. చివరికి మిగలవలసినవి గుడ్డు, గుగ్గిళ్ళు, మజ్జిగ. ఇందుకోసం డబ్బాలు కూడా రెండు చేయించాము. అన్నం ఉన్న డబ్బాలోనే గుడ్డు పెడితే చేయి అన్నం మీదికే పోతుంది.

చాయ్ గురించి ఒక మాట. రాత్రికి నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాల చక్కెర అంటే 40 గ్రాముల చక్కెర, 160 కిలోకేలరీలు. అది రాత్రి చిరుతిండికి దాదాపు సమానం. చక్కెర తీసివేయమన్నాను. తొమ్మిదిన్నరకు నిద్రపోయేవారు మూడున్నర తరువాత చాయ్, కాఫీ తాగరాదని కూడా చెప్పాను. ఇది ఆమెకు అన్నిటికన్నా కష్టమైంది. ఇప్పటికీ నాలుగింటి చాయ్ పూర్తిగా పోలేదని నవ్వుతూ ఒప్పుకుంటుంది.

తిండి వేళ తప్పు అని మీకు మీరే తెలుసుకునే మార్గం ఒకటి ఉంది. ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే, ఒకేరకం భోజనాన్ని ఒకనాడు ఏడింటికి, మరొకనాడు ఒంటిగంటకు తిని, మొదటి ముద్ద తరువాత రెండు గంటలకు చూడండి. ఆమెకు ఏడింటి భోజనం తరువాత 142, అదే భోజనం ఒంటిగంటకు తింటే 181 వచ్చింది. ఒక్క రీడింగుతో తీర్పు చెప్పకూడదు కనుక రెండేసి సార్లు చూడాలి. గ్లూకోమీటరు లేనివారికి శరీరమే చెబుతుంది. తిన్న గంటకు మత్తు, పడుకోగానే ఛాతీలో మంట, పగటి నిద్ర మధ్యలో ఆకలితో మెలకువ, ఈ మూడింటిలో ఏది ఉన్నా వరుసగా రాత్రి డబ్బా, ఉదయపు టిఫిన్, సాయంత్రపు ఏడింటి భోజనం సరిచూసుకోవాలి.

మూడు నెలల తరువాత ఆమె హెచ్‌బీఏ1సీ 5.8కి దిగింది, బరువు రెండు కిలోలు తగ్గింది. ఒక్క మనిషి ఫలితం శాస్త్రం కాదని నాకూ తెలుసు. పోగొట్టుకున్న నిద్రను ఏ పప్పూ తిరిగి ఇవ్వదు. ఆమె ఇప్పటికీ పగలు ఐదు గంటలే నిద్రపోతున్నది, ఆ నష్టం అలాగే ఉన్నది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాంసకృత్తులు పెంచేముందు తమ వైద్యుని అడిగి తీరాలి. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు మందు వేళ మార్చకుండా భోజనవేళ మాత్రం మార్చుకోరాదు. వాట్సాప్‌లో చదివి పదహారు గంటల ఉపవాసం మొదలుపెట్టరాదు. ఆ నర్సుకు మధ్యాహ్నం పన్నెండుకు వచ్చిన 58 ఎవరికైనా రావచ్చు.

యాజమాన్యాలతోనూ నాకు పేచీ ఉంది. చాలా ఆసుపత్రుల క్యాంటీన్ రాత్రి తొమ్మిదికి మూతపడుతుంది. తెల్లవార్లూ దొరికేది చాయ్, బిస్కట్, పఫ్. కొన్ని కంపెనీలు ఇందుకు విరుద్ధంగా అర్ధరాత్రి ఉచితంగా బిర్యానీ పెట్టి దానిని ఉద్యోగుల సంక్షేమమని చెప్పుకుంటాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఐదు గంటల పనికి కనీసం అరగంట విరామం ఉండాలన్నది. ఆ అరగంటలో కార్మికుడు తినగలిగేది ఏమిటన్నది మనం డెబ్భై ఏళ్ళలో అడగలేదు. ఇదేమీ ఖర్చుతో కూడిన కోరిక కాదు. ఒక పెద్ద గిన్నెడు గుగ్గిళ్ళు, ఒక ట్రే గుడ్లు, ఒక కుండ మజ్జిగ రాత్రి పన్నెండుకు వార్డు పక్కన ఉంచితే చాలు. ఆ బిర్యానీని రాత్రి ఎనిమిదికి, షిఫ్టు మొదట్లోనే పెట్టండి.

నా తోటి వైద్యులకు చెప్పవలసినది మరొకటి. చీటీమీద మనం రాసే ‘1-0-1’ అనే అంకెలకు అర్థం రాత్రి నిద్రపోయేవారికే ఉన్నది. రాత్రి డ్యూటీ మనిషికి మొదటి ‘1’ నిద్రకు ముందు పడుతుంది, రెండవ ‘1’ పనికి ముందు పడుతుంది. మందు రాసేముందు ‘మీరు ఎన్నింటికి నిద్రపోతారు, నిద్ర లేచి మొదట ఏమి తింటారు’ అని రెండు ప్రశ్నలు అడగండి. మందును గంటతో సహా రాయండి. ల్యాబ్‌వారు రక్తం తీసేటప్పుడు ‘టిఫిన్ చేశారా’ అని కాక ‘చివరిసారి ఎన్ని గంటలకు ఏమైనా తిన్నారు, తాగారు’ అని అడిగి ఆ గంటను రిపోర్టులో రాయండి. రాత్రి డ్యూటీ ఉన్నవారిని కనీసం రెండు రాత్రులు ఇంట్లో నిద్రపోయిన తరువాతనే పరగడుపు పరీక్షకు రమ్మనండి.